దొర్లే రాయి, గీసే రాయి, రుద్దే బ్రష్

రాత్రి పెళ్ళి విందులో అప్పడాలు, ఆవకాయ, బిర్యానీ లాగించి, పన్నెండు దాటాక పడుకుంటే పొద్దున్న అద్దంలో ముఖం కాస్త ఉబ్బి కనిపిస్తుంది. కళ్ళ కింద మరీను. అప్పుడు ఆకుపచ్చ రాయి రోలర్ తీసుకుని ఐదు నిమిషాలు దొర్లిస్తే ఆ ఉబ్బు నిజంగానే తగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు. చిక్కల్లా ఈ చిన్న నిజాన్ని పట్టుకుని డబ్బా మీద రాసే మిగతా మాటలతోనే. ముడతలు పోతాయి, దవడ చెక్కినట్టు తయారవుతుంది, విషపదార్థాలు బయటికి వెళ్ళిపోతాయి అని రాస్తారు. వీటిలో ఏది ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే ముందు ఆ ఉబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

ఒంట్లో సన్నని రక్తనాళాల నుంచి కొంత నీరు ఎప్పుడూ చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతూనే ఉంటుంది. పగలు నిలబడి, కూర్చుని ఉంటాం కాబట్టి అది కాళ్ళవైపు దిగుతుంది. పడుకున్నప్పుడు ఆ తేడా పోయి ముఖంలోనూ చేరుతుంది. ఉప్పు ఎక్కువ తిన్న రాత్రి ఒళ్ళు నీటిని మరింత పట్టి ఉంచుతుంది. కంటి రెప్పల చర్మం బాగా పలచన, వదులు కూడా. అందుకే ముందు అక్కడ కనిపిస్తుంది. ఈ నీటిని వెనక్కి తీసుకెళ్ళే పని లింఫ్ నాళాలది. చెంపల నుంచి, కళ్ళ చుట్టూ నుంచి బయల్దేరి చెవి ముందున్న గ్రంథులకు, దవడ కింద ఉన్న గ్రంథులకు, అక్కణ్ణుంచి మెడలోకి వెళ్తాయి. మనం లేచి తిరుగుతూ, మాట్లాడుతూ, నములుతూ ఉంటే గంటా రెండు గంటల్లో ఉబ్బు దానంతట అదే తీస్తుంది. రోలర్ చేసేదల్లా ఆ పనిని కాస్త తొందరపెట్టడమే. ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్ ఎక్కాల్సిన వాళ్ళకి ఆ తొందర పనికొచ్చేదే, కాదనను. కానీ అందులో 'విషపదార్థాలు' ఏమీ లేవు. అది నీరు, కొంచెం ప్రోటీన్, కొన్ని కణాలు. వ్యర్థాల సంగతి చూసుకోవడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి.

చర్మానికి దగ్గరగా ఉండే లింఫ్ నాళాల గోడలు చాలా సున్నితం. గట్టిగా నొక్కితే ఎక్కువ పని అవుతుందనుకోవడం పొరపాటు. రోలర్ సొంత బరువు, దాని మీద వేళ్ళ బరువు చాలు. దిశ మాత్రం ముఖ్యం. ముక్కు పక్క నుంచి చెవివైపు, గడ్డం నుంచి దవడ వెంట చెవివైపు, చివర్లో చెవి వెనక నుంచి మెడ మీదుగా కిందికి. లింఫ్ మసాజ్ నేర్చినవాళ్ళు ముందు మెడతోనే మొదలుపెడతారు. దిగువన కాలువ పూడిక తీయకుండా ఎగువ నుంచి నీళ్ళు వదిలితే ఏం లాభం అన్నది వాళ్ళ లెక్క.

రెండో సంగతి చల్లదనం. జేడ్ అనే ఆ ఆకుపచ్చ రాయి చెంపకు ఆనించగానే చల్లగా తగులుతుంది. అది మహిమ కాదు, ప్లాస్టిక్ కన్నా రాయి మన చర్మపు వేడిని త్వరగా లాక్కుంటుంది, అంతే. స్టీలు ఇంకా త్వరగా లాక్కుంటుంది. చల్లదనానికి పైనున్న రక్తనాళాలు కుదించుకుని ఎరుపు, ఉబ్బు కాసేపు తగ్గుతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు చెంచా వెనకభాగం కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి 'అసలు జేడ్' అని చెప్పి నాలుగింతలు ధర అడిగితే ఆ డబ్బు రాయికి ఇస్తున్నట్టే, ముఖానికి కాదు. అసలు జేడ్ అంటే నెఫ్రైట్, జేడైట్ అనే రెండు ఖనిజాలే. తక్కువ ధరకు దొరికేవి చాలావరకు సర్పెంటైన్, రంగు వేసిన పాలరాయి, లేదా గాజు. చర్మానికి తేడా తెలియదు గానీ, కడిగేటప్పుడు తెలుస్తుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రక్తప్రసరణ పెరుగుతుందన్న మాటకు మాత్రం కొంత ఆధారం ఉంది. 2018లో జపాన్ పరిశోధకులు ఫేస్ రోలర్‌తో చెంప మీద ఐదు నిమిషాలు మసాజ్ చేయించి చర్మంలో రక్తప్రవాహం కొలిచారు. ఆపేశాక కూడా పది నిమిషాల పాటు అది పెరిగే ఉంది. ఐదు వారాలు రోజూ చేసినవాళ్ళలో వేడి తగిలినప్పుడు రక్తనాళాలు విచ్చుకునే తీరు కూడా కొంత మెరుగైంది. ఇది పాల్గొన్నవాళ్ళు తక్కువగా ఉన్న చిన్న అధ్యయనం. పైగా అందులో కొలిచింది రక్తప్రవాహాన్నే గానీ ముడతల్ని కాదు. రోలర్ తిప్పాక ముఖంలో కనిపించే గులాబీ కళ ఇదే. అది మధ్యాహ్నం దాకా నిలిచేది కాదు.

ముఖం మీద గీసే రాయి, అంటే గువా షా దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేర్వేరు పనులు చెలామణీ అవుతున్నాయి. చైనా సంప్రదాయ వైద్యంలో గువా షా అంటే వీపు, భుజాలు, మెడ మీద నూనె రాసి, గేదె కొమ్ము ముక్కతోనో, చెంచా అంచుతోనో ఎర్రని చుక్కలు తేలేదాకా గట్టిగా గీయడం. ఆ చుక్కలు సన్నని నాళాల నుంచి చర్మం కిందికి చేరిన రక్తం. కొద్దిరోజుల్లో తగ్గిపోతాయి. 2007లో వచ్చిన ఒక ప్రాథమిక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 11 మందికి ఇలా గీసి చూస్తే, గీసిన చోట చర్మపు రక్తప్రసరణ మొదటి ఏడున్నర నిమిషాల్లో నాలుగింతలైంది. ఈ 'నాలుగింతలు' అన్న అంకె ఇప్పుడు ముఖానికి వాడే రాళ్ళ ప్రకటనల్లో తిరుగుతోంది. కానీ ముఖం మీద చేసేది ఆ పని కాదు. అక్కడ మచ్చలు తేలకూడదు, తేలితే చెయ్యి బరువైందని అర్థం. చుక్కలు తేలేలా గీస్తే వచ్చిన ఫలితాన్ని, తేలకుండా నిమిరే పనికి అంటగట్టడం కుదరదు.

ముఖానికి చేసే పద్ధతి ఇది. కడిగిన ముఖం మీద మూడు నాలుగు చుక్కల నూనె లేదా చేతికి జారేంత మాయిశ్చరైజర్ రాయాలి. పొడి చర్మం మీద రాయి లాగకూడదు. రాయి అంచును నిలబెట్టకుండా దాదాపు పడుకోబెట్టి, ఇంకో చేత్తో చర్మాన్ని మెల్లగా పట్టుకుని, ఒక్కోచోట మూడు నుంచి ఐదు సార్లు ఒకే దిశలో జరపాలి. మొత్తం ఐదు నిమిషాలు దాటక్కర్లేదు. అయ్యాక లేత ఎరుపు వచ్చి అరగంటలో పోతే సరే. మర్నాడు ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఎక్కువ నొక్కారన్నమాట. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట నొక్కొద్దు, రెండు పక్కలా ఒకేసారి అసలే వద్దు. అక్కడ రక్తపోటును గమనించే నాడులు ఉంటాయి. ముఖ్యంగా పెద్దవాళ్ళకు అక్కడ ఒత్తిడి పడితే గుండె వేగం తగ్గి కళ్ళు తిరగొచ్చు.

దవడ చెక్కినట్టు అవుతుందంటారే, ఆ ఫొటోల్లో తేడా ఎలా వస్తుందో ఒకసారి శ్రద్ధగా చూడండి. మొదటిది నిద్రలేవగానే తీసింది, నీరు పట్టి ఉంటుంది. రెండోది నూనె మెరుపుతో, గడ్డం కాస్త ఎత్తి, పక్క నుంచి వెలుతురు పడేలా తీసింది. నీరు దిగినంతవరకు తేడా నిజమే. ఎముక, కొవ్వు రాయి తోస్తే జరిగేవి కావు. పళ్ళు బిగపట్టే అలవాటున్న వాళ్ళకు దవడ కండరం మీద మెల్లగా చేస్తే బిగువు వదిలి హాయిగా ఉంటుంది. గువా షాలో నాకు నచ్చిన ఉపయోగం ఇదొక్కటే. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ పెరుగుతుందనడానికి మాత్రం నమ్మదగ్గ ఆధారం లేదు.

సీరమ్‌ను లోపలికి దింపుతుందన్న మాట కూడా అంతే. చర్మపు పై పొర చాలా పలచన, మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాటదు. అయినా బయటివాటిని ఆపడానికే అది ఉంది. ఏ పదార్థం లోపలికి పోతుందో చాలావరకు దాని అణువు పరిమాణం, నూనెలో కరిగే గుణం తేలుస్తాయి, పైన దొర్లిన రాయి కాదు. రోలర్ సీరమ్‌ను సమానంగా పరుస్తుంది. కొంత తనకీ పూసుకుంటుంది. ఆ పూసుకున్నదే కడగాల్సిన మురికికి మొదలు.

ఎలక్ట్రిక్ బ్రష్ దారి వేరు. రాళ్ళు చర్మం కింద ఉన్న నీటిని కదుపుతాయి. బ్రష్ చర్మాన్నే గీకుతుంది. అందుకే ఈ మూడింటిలో ఎక్కువ ఉపయోగం, ఎక్కువ హాని రెండూ దీనిలోనే ఉన్నాయి. ఈ రకాన్ని ఇంటింటికీ తెచ్చింది అమెరికాలో 2004లో వచ్చిన క్లారిసోనిక్. సోనికేర్ టూత్‌బ్రష్ తయారుచేసిన బృందంలోని వాళ్ళే దీన్నీ తయారుచేశారు. 2011లో లోరియాల్ ఆ కంపెనీని కొనుక్కుంది, 2020లో మూసేసింది. దాని పోచలు గుండ్రంగా తిరగవు, అటూ ఇటూ అతి వేగంగా ఊగుతాయి. చౌకగా దొరికేవి చాలావరకు ఫ్యాన్‌లా ఒకే దిశలో తిరుగుతాయి, చర్మాన్ని ఎక్కువగా లాగుతాయి. సిలికాన్ బుడిపెలతో అదిరేవి మూడో రకం, వాటిలో రాపిడి తక్కువ.

సన్‌స్క్రీన్, మేకప్, జిడ్డు, పైనున్న మృతకణాలు వేళ్ళతో కన్నా బ్రష్‌తో బాగా పోతాయి. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఉంది. బ్రష్ వాడితే ముఖం కడగడమే కాదు, స్క్రబ్ కూడా చేసినట్టే. పై పొర మొత్తం మారడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. పొద్దున్నా రాత్రీ బ్రష్ తిప్పుతూ, దానికి తోడు సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, రాత్రి రెటినాల్ కూడా వాడితే, తయారయ్యే వేగం కన్నా తీసేసే వేగం ఎక్కువైపోతుంది.

మా చెల్లెలి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, దుమ్ములో బండి మీద ప్రయాణం. ముఖం సరిగా శుభ్రం కావట్లేదని తిరిగే బ్రష్ కొనుక్కుంది. కొన్ని వారాలకు బుగ్గలు బిగుసుకుపోయి మెరవడం మొదలైంది. రోజూ రాసుకునే మాయిశ్చరైజర్ మండేది. నుదుటి మీద సన్నని పొక్కులు వచ్చాయి. మురికి పోవట్లేదనుకుని ఇంకాసేపు రుద్దేది. బ్రష్ తల ఊడదీసి చూస్తే కింది గిన్నెలో బూడిదరంగు జిగురు.

ఇక్కడ రెండు సమస్యలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూడాలి. మామూలు మాయిశ్చరైజర్ మండిందంటే, కడగ్గానే చర్మం బిగుసుకుందంటే పై పొర దెబ్బతిన్నదని గుర్తు. బ్రష్, యాసిడ్, రెటినాల్ మూడూ ఆపేసి, సాదా ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడితే రెండు వారాల్లో మంట తగ్గింది. కానీ నుదుటి పొక్కులు అలాగే ఉన్నాయి. అవన్నీ ఒకే సైజులో ఉన్నాయి, దురద పెడుతున్నాయి, బ్లాక్‌హెడ్స్ ఏమీ లేవు. మొటిమలైతే సాధారణంగా చిన్నా పెద్దా కలిసి, మధ్యలో బ్లాక్‌హెడ్స్‌తో ఉంటాయి. స్కిన్ డాక్టర్ చూసి అది వెంట్రుక కుదుళ్ళలో వచ్చిన ఫంగస్ అని మందు రాశారు. ఇలాంటి ఫంగస్ అందరి చర్మం మీదా కొద్దిగా ఉండేదే, జిడ్డు, తేమ దొరికితే పెరుగుతుంది. బ్రష్సే కారణమని ఎవరూ తేల్చలేరు. కానీ ఆ జిగురు చూశాక దాన్ని ఉంచుకోవాల్సిన పనీ లేదు.

మన చర్మాలకు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. చామనఛాయ, నలుపు చర్మం రాపిడికి నల్లబడుతుంది. నైలాన్ స్క్రబ్బర్‌తో ఏళ్ళ తరబడి ఒళ్ళు రుద్దుకునేవాళ్ళకు వీపు పైన, మెడ కింది ఎముకల మీద, చేతుల మీద గోధుమ నలుపు మరకలు రావడం మన దేశంలోని చర్మ వైద్యులకు బాగా తెలిసిన విషయం. మురికి అనుకుని ఇంకా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది. మంగు మచ్చలున్నవాళ్ళు ఆ చోట బ్రష్ పెట్టకపోవడమే మంచిది. మచ్చలు లేనివాళ్ళయినా వారానికి రెండు మూడుసార్లు, మెత్తటి పోచలతో, ముఖమంతా కలిపి నిమిషం లోపు సరిపెట్టుకోవాలి. నొక్కితే పోచలు వంగిపోయి పక్కభాగంతో గీకుతాయి. కాబట్టి కొసలు మాత్రమే తాకాలి.

ఇక కడగడం గురించి. సూక్ష్మజీవులు పెరగడానికి మూడు కావాలి: తేమ, తిండి, దాక్కునే సందు. బాత్రూమ్‌లో తడిగా వదిలేసిన బ్రష్‌కు మూడూ ఉన్నాయి. 1994లో అమెరికాలో ఒళ్ళు రుద్దుకునే బీరకాయ పీచు మీద ఒక పరిశీలన వచ్చింది. తడి పీచులో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగి, చర్మం మీద చీముపొక్కులు తెప్పించగలదని అందులో తేలింది. మన స్నానాల గదుల్లో ఆ పీచు ఇప్పటికీ ఉంది. బ్రష్ పోచల మొదళ్ళలో పరిస్థితి దానికి పెద్ద తేడా ఏమీ కాదు.

బ్రష్ వాడిన వెంటనే గోరువెచ్చని నీళ్ళలో ఫేస్‌వాష్ లేదా సాదా సబ్బు వేసి, పోచల మొదళ్ళదాకా వేళ్ళతో విడదీస్తూ కడగాలి. తల ఊడొచ్చే రకమైతే ఊడదీసి కింది గిన్నె కూడా తుడవాలి. ఇది రోజూ కాకపోయినా వారానికోసారి తప్పదు. గట్టిగా విదిలించి, టవల్‌కు అద్ది, పోచలు కిందికి ఉండేలా గాలి ఆడే చోట పెట్టాలి. తడిగా ఉండగానే మూత పెట్టేయడం, ప్రయాణం డబ్బాలో దోపేయడం చేస్తే కడిగిన ఫలితం ఉండదు. మూడు నెలలకోసారి తల మార్చాలి. పోచలు విచ్చుకున్నా, వాసన వచ్చినా అంతకన్నా ముందే. సిలికాన్‌కు పోచల సందులు ఉండవు కాబట్టి త్వరగా ఆరుతుంది, కానీ దానికీ సబ్బు కావాల్సిందే. దాన్ని స్పిరిట్‌తో తుడవొద్దని కొన్ని కంపెనీలు చెబుతాయి, కాబట్టి దాంతో వచ్చిన కాగితం చూడండి. పరికరం మీద IPX7 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగగలదని అర్థం. ఆ గుర్తు లేనిదాన్ని పంపు కింద పెట్టకండి.

రోలర్‌లో మురికి దాక్కునేది రాయి మీద కాదు, రాయి రెండు కొసల్లో లోహపు కమ్మీ దూరే రంధ్రాల దగ్గర. అక్కడికి నూనె చేరి, దానికి చర్మపు పొట్టు అంటుకుంటుంది. పాత మెత్తటి టూత్‌బ్రష్‌కు సబ్బు రాసి ఆ సందుల్లో తిప్పి, రోలర్‌ను నడిపిస్తూ కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడి నిలిస్తే కమ్మీకి తుప్పు పట్టి కిర్రుమంటుంది. బోరు నీళ్ళయితే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది, తుడిస్తే ఆ బాధ ఉండదు.

వారానికోసారి రాళ్ళను 70 శాతం స్పిరిట్‌తో తుడిస్తే మంచిదే, కానీ సబ్బుతో కడిగిన తర్వాతే. నూనె పొర ఉండగా స్పిరిట్ కింది క్రిములకు సరిగా తగలదు. 99 శాతం ఇంకా బలమైనదనుకుంటారు గానీ, క్రిముల ప్రోటీన్లు చెడాలంటే కొంత నీరు ఉండాలి, పైగా అది తగిలీ తగలకముందే ఆవిరైపోతుంది. కాబట్టి 70 శాతమే మేలు. తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి.

రాయిని మరిగే నీళ్ళలో వేస్తే పగుళ్ళు రావచ్చు, జిగురు ఊడొచ్చు. నిమ్మరసం, వెనిగర్ కూడా వద్దు. ఇందాక చెప్పిన రంగు పాలరాయి ఇక్కడే బయటపడుతుంది. పాలరాయి ఆమ్లానికి కరిగి నున్నదనం పోతుంది, గరుకైన ఆ చోట మళ్ళీ మురికి చేరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టాలంటే కడిగి, ఆరబెట్టి, మూత డబ్బాలో పెట్టండి. కూరగాయల పక్కన ఊరికే పడేయకండి. చలికి క్రిములు చావవు, నెమ్మదిగా పెరుగుతాయి, అంతే. ఫ్రీజర్ వద్దు, గడ్డకట్టిన రాయి చర్మాన్ని మాడ్చగలదు. గువా షా రాయికి సందులు లేవు, కడగడం తేలిక. కానీ కింద పడ్డప్పుడల్లా అంచు వెంట దూది జరిపి చూడాలి. దూది పోగు తట్టుకుంటే చిన్న పెచ్చు ఊడిందన్నమాట, ఇక దాన్ని ముఖానికి వాడొద్దు.

ఇంట్లో ఒకే రోలర్ అక్కచెల్లెళ్ళంతా పంచుకోవడం మానేయాలి. పెదవి దగ్గర నీటిపొక్కులు, పులిపిర్లు ఇలా అంటుకుంటాయి, ఒకే మనిషి ముఖంలో ఒకచోట నుంచి ఇంకోచోటికి కూడా పాకుతాయి. చీముపట్టిన మొటిమలు ఉన్నప్పుడు, ఎండకు కమిలినప్పుడు ఏ పరికరమూ వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, బొటాక్స్ లేదా ఫిల్లర్ చేయించుకున్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా గువా షా చేయకూడదు. సూదులుండే డెర్మా రోలర్‌ను ఈ రాయి రోలర్‌తో ఒకటిగా చూడకండి. అది చర్మాన్ని గుచ్చుతుంది కాబట్టి దాని శుభ్రత, ప్రమాదం పూర్తిగా వేరే లెక్క.

చివరగా, ఆ పొద్దుటి ఉబ్బు మధ్యాహ్నానికీ దిగకపోతే రోలర్ పక్కన పెట్టండి. రోజూ అలాగే ఉంటూ పాదాలు కూడా వాస్తుంటే, మూత్రం నురగగా వస్తుంటే మూత్రపిండాల పరీక్ష చేయించాలి. అలసట, బరువు పెరగడం తోడైతే థైరాయిడ్ చూపించాలి. ఒక్క కన్నే ఎర్రగా, వేడిగా, నొప్పిగా వాస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మెడలో చేతికి గడ్డ తగిలితే దాన్ని మసాజ్ చేసి కరిగించాలని చూడకుండా ముందు చూపించుకోండి.